చివరి కిటికీకి మొదట వెళ్లాలని మాకెవరూ చెప్పలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా నాన్నగారు సర్కారు బడిలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయులు. 2025 జూన్ 3న జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కన్నుమూశారు. అమ్మ ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ పడింది సెప్టెంబరు 1న. ఈ మధ్యలో నేను హైదరాబాద్ నుంచి పదకొండు సార్లు ఊరికి వెళ్లొచ్చాను. ఎవరూ లంచం అడగలేదు, కసిరినవాళ్లు కూడా ఒకరిద్దరే. ఎక్కడికక్కడ వాళ్ల పని వాళ్లు చేశారు. తప్పు జరిగిందల్లా నేను తిరిగిన వరసలో. ఆ వరస ఏ ఆఫీసు గోడ మీదా రాసి లేదు కాబట్టే ఈ లేఖ.

అందరూ చేసేదే నేనూ చేశాను. ముందు మరణ ధ్రువీకరణ పత్రం తీసుకున్నాను. తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాను. ‘అది లేకుండా ఏ ఆఫీసూ గడప తొక్కనివ్వదు’ అని కర్మకు వచ్చిన బంధువుల్లో కనీసం నలుగురు చెప్పారు. దానికోసం బెంగళూరులో ఉన్న అక్క ఆధార్ నకలు తెప్పించాం, వీఆర్వో గారు ఇంటికొచ్చి విచారించి వెళ్లారు, ఇరుగుపొరుగు సంతకాలు పెట్టారు. జూన్ 19న పెట్టిన దరఖాస్తుకు జులై 9న కాగితం చేతికొచ్చింది.

మర్నాడు దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టుకుని పెన్షన్ చెల్లించే సబ్ ట్రెజరీకి వెళ్తే అక్కడి గుమాస్తా గారు దాన్ని కనీసం విప్పి చూడలేదు. నాన్నగారి పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీవో తిరగేసి, అందులో భార్య పేరు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఫ్యామిలీ పెన్షన్ ఎంతన్నదీ వేలు పెట్టి చూపించారు. ‘మేడమ్ గారి పేరు ఇందులోనే ఉంది కదండీ, ఇది మాకెందుకు?’ అన్నారు. పీపీవోలో భార్య పేరు లేకపోయినా, ఆవిడ కూడా గతించినా వారసులెవరో తేల్చే కాగితం కావాలి గానీ మాలాంటి కేసుకు అక్కర్లేదట. పొలం రికార్డుల్లో పేరు మార్పిడికి అది ఎలాగూ పనికొస్తుందనుకోండి. కానీ పెన్షన్ దారిలో దానికోసం మూడు వారాలు ఉత్తపుణ్యానికి ఆగిపోయాం.

ఆయన మాకు నిజంగా కావలసినవి చెప్పారు. మరణ పత్రంలో ఉన్న పేరు, పీపీవోలో ఉన్న పేరు ఒకటే కావాలి. బ్యాంకు ఖాతా అమ్మ ఒక్కదాని పేరు మీద ఉండాలి. అమ్మకు పాన్ ఉండాలి. ఇంతే. ఈ మూడింటిలో మా దగ్గర ఒక్కటీ లేదు.

మొదటిదాని సంగతి చెప్తాను, చాలామందికి ఎదురయ్యేది అదే. నాన్నగారి పేరు రికార్డుల్లో వెంకటేశ్వరరావు. ఊళ్లో అందరికీ వెంకటేశ్వర్లు మాస్టారు. అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కిటికీ దగ్గర అడిగితే అమ్మ అలవాటుగా వెంకటేశ్వర్లు అనే చెప్పింది. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే ఆ సమాచారాన్ని రిజిస్ట్రారుకు పంపాల్సింది ఆసుపత్రివాళ్లే. వాళ్లు తమ కేసు షీటులో ఉన్న పేరునే పంపారు, మున్సిపాలిటీవారు అదే అచ్చువేశారు. ఇంకో మాట, మరణం నమోదయ్యేది జరిగిన చోటే గానీ సొంత ఊళ్లో కాదు. ఈ సంగతి తెలియక మొదటి రోజు మా ఊరి సచివాలయంలో అరపూట కూర్చున్నాను.

కాగితం ఆసుపత్రి దాటకముందే చూసుకుని ఉంటే ఒక ఆధార్ నకలు చూపించి అక్కడికక్కడే దిద్దించుకునేవాళ్లం. ఒకసారి రిజిస్టరులోకి ఎక్కాక కథ వేరు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం రిజిస్ట్రారు పాత నమోదును కొట్టేయకుండా, పక్కన మార్జిన్లో సరైన వివరం రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అలా రాయడానికి ఆయనకు ఆధారాలు కావాలి. మమ్మల్ని ఆసుపత్రి నుంచి ఉత్తరం, నోటరీ అఫిడవిట్, నాన్నగారి పాత గుర్తింపు కార్డులు తెమ్మన్నారు.

ఇక్కడే వేళల గొడవ మొదలైంది. ఆసుపత్రిలో రికార్డుల గది పదకొండింటికి తెరుస్తారు. మున్సిపాలిటీలో జనన మరణాల కౌంటరు దరఖాస్తులు తీసుకునేది ఒంటిగంట వరకే, మధ్యాహ్నం మూడు తర్వాత పత్రాలు ఇవ్వడం మాత్రమే. రెండింటికీ మధ్య నాలుగు కిలోమీటర్లు. జులై 11 శుక్రవారం నాడు ఆసుపత్రి ఉత్తరం చేతికొచ్చేసరికి పన్నెండున్నర. ఆటోలో ఉరికి మున్సిపాలిటీకి చేరేసరికి ఒంటిగంటా ఐదు నిమిషాలు. కౌంటరులో ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు. ఆవిణ్ణి తప్పుపట్టలేను. మర్నాడు రెండో శనివారం. ఆ తర్వాత ఆదివారం. సోమవారం వెళ్తే సంతకం పెట్టాల్సిన అధికారి కలెక్టరేటులో అర్జీల కార్యక్రమానికి వెళ్లారు. పనులు కాలేదని జనం అర్జీలు పెట్టుకునే రోజు అది. ఆ రోజు ఆగిన మా పని ఇంకో అర్జీ అయ్యేదే, నేను పెట్టలేదు గానీ. మొత్తానికి ఐదు నిమిషాల ఆలస్యం మంగళవారం దాకా సాగింది. దిద్దిన పత్రం జులై 24న వచ్చింది.

మర్నాడు బ్యాంకు. ఉమ్మడి ఖాతాలోంచి నాన్నగారి పేరు తీయడానికి మరణ పత్రం చాలన్నారు. కానీ కేవైసీ కోసం ఓటీపీ అడిగారు. అమ్మ ఆధార్‌కు జతచేసిన నంబరు నాన్నగారిది. ఆ సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. జులై 26 నాలుగో శనివారం, బ్యాంకుకు సెలవు. సోమవారం అమ్మను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాను. పొద్దున తొమ్మిదికే టోకెన్లు అయిపోతాయని తెలిసి ఎనిమిదింటికే వెళ్లి నిలబడ్డాం. అమ్మ వేలిముద్రలు రెండుసార్లు పడలేదు, మూడోసారి పడ్డాయి. నంబరు మారడానికి ఐదు రోజులు పట్టింది. నంబరు మారాక పాన్ సులువైంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఆధార్ ఓటీపీతో ఇచ్చే ఇ-పాన్‌కు రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాత బ్యాంకు, ఆగస్టు 12న ట్రెజరీ.

ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, మనిషి వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు. మరణ పత్రం అక్కర్లేదు, పీపీవో అక్కర్లేదు, అక్క సంతకం అక్కర్లేదు. అంటే జూన్ రెండో వారంలోనే చేసేయగలిగిన పని అది. కానీ దానిమీద ఇ-పాన్, ఓటీపీ, ఓటీపీ మీద బ్యాంకు, ఇ-పాన్ మీద, బ్యాంకు మీద ట్రెజరీ ఆధారపడి ఉన్నాయి. దేనికోసమూ ఎదురుచూడనక్కర్లేని పనిని, మిగతావన్నీ దేనికోసమైతే ఎదురుచూస్తున్నాయో ఆ పనిని, నేను అన్నిటికన్నా ఆఖర్న చేశాను.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆఖరి నుంచి మొదటికి లెక్క రాసుకున్నాను. ట్రెజరీకి పాస్‌బుక్కు, పాన్, సరైన పేరుతో మరణ పత్రం కావాలి. పాస్‌బుక్కుకు మరణ పత్రం, ఓటీపీ కావాలి. పాన్‌కూ ఓటీపీకీ ఆధార్‌లో నంబరు కావాలి. మరణ పత్రానికి ఆసుపత్రి షీటులో పేరు సరిగ్గా ఉండాలి. వీటిలో దేనికిందా ఇంకో కాగితం లేనివి రెండే: ఆసుపత్రి షీటులో పేరు, ఆధార్‌లో ఫోన్ నంబరు. మొదటి వారంలో ఆ రెండూ చూసుకుని ఉంటే జూన్ నెలాఖరుకు ఫైలు ట్రెజరీలో ఉండేది.

ఈ లెక్క నాకు తట్టాలంటే ముందు ట్రెజరీకి వెళ్లి ఉండాలి. చేతిలో ఏ కాగితమూ లేకుండా ఆఖరి కౌంటరుకు వెళ్లడమేంటని మనకు అనిపిస్తుంది. కానీ పెన్షనరు చనిపోయారని తెల్లకాగితం మీద రాసిచ్చి, పీపీవో నంబరు వేస్తే చాలు, ట్రెజరీవారు తీసుకుంటారు. తీసుకోవడమే కాదు, అది వాళ్లకూ అవసరం. మేం చెప్పకపోవడంతో జులై 1న నాన్నగారి ఖాతాలో జూన్ పెన్షన్ పూర్తిగా పడింది. చనిపోయిన రోజుతో, అంటే జూన్ 3తో ఆయన లెక్క సరి. 4 నుంచి అమ్మది మొదలు. ఎక్కువ పడిన మొత్తాన్ని తర్వాత అమ్మకు రావాల్సిన బకాయిల్లో పట్టుకున్నారు. ఆ లెక్క సరిచూసుకోవడానికే పదకొండో ప్రయాణం.

ప్రతి ఆఫీసు గోడ మీదా పౌరసేవల బోర్డు ఉంటుంది. ఏ సేవకు ఎంత రుసుము, ఎన్ని రోజులు అని దానిమీద రాసి ఉంటుంది. ఆ సేవకు ఇంకో ఆఫీసు కాగితం కావాలా, కావాలంటే అందులో పేరు దేనితో సరిపోవాలి, ఏది అక్కర్లేదు అన్నది మాత్రం ఉండదు. పెన్షనరు మరణించినట్టు చెప్పగానే ట్రెజరీవారు ఒక పేజీ కాగితం చేతిలో పెట్టాలని నా మనవి. అందులో పీపీవోలో భార్యాభర్తల పేర్లు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా రాసి, తేవాల్సినవి రాసి, కుటుంబ సభ్యుల పత్రం కావాలో అక్కర్లేదో టిక్కు పెట్టి ఇస్తే చాలు. ఆ గుమాస్తా గారు నాకు నోటితో చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆసుపత్రులు మరణ సమాచారం పంపేముందు అందులోని పేరు, వయసు, చిరునామా కుటుంబ సభ్యులకు చూపించి సంతకం తీసుకోవాలి. జిల్లా రిజిస్ట్రారు ఒక ఉత్తర్వు ఇస్తే అయ్యే పని. బిల్లు మీద మాత్రం సంతకం మర్చిపోకుండా తీసుకున్నారు.

ఇక వేళలు. దిద్దుబాటు దరఖాస్తును ఒంటిగంటకు ఆపేయడానికి కారణం ఉండే ఉంటుంది, వెనక రిజిస్టర్లు తీసి చూడాలి కదా. కనీసం కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చి, పరిశీలన మర్నాడు చేసినా సరిపోతుంది. మాకు ఆ శుక్రవారం రసీదు దొరికి ఉంటే ఆ మూడు రోజులూ లెక్కలోకి వచ్చేవి. అధికారి సోమవారాలు ఉండరన్న సంగతి కౌంటరు అద్దానికి ఒక చీటీ అంటించి చెప్పొచ్చు. నేను వెళ్లిన సోమవారం అక్కడ నాతోపాటు మరో ఆరుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన పసిబిడ్డ జనన పత్రం కోసం ముప్పై కిలోమీటర్ల నుంచి వచ్చారు. అద్దానికి అంటించిన చీటీ ఒకటి ఉంది గానీ అది ‘చిల్లర ఇవ్వగలరు’ అని.

ఇట్లు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయుడి కుమారుడు
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)