ఈగలు పట్టే మొక్కకి బోరు నీళ్ళు పొయ్యకురా

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన నీ వీనస్ ఫ్లైట్రాప్ మొక్క ఫొటో పెద్దది చేసుకుని చూశాను. ఆకుల చివర్లు, ఈగల్ని పట్టే ఆ నోళ్ళ అంచులు నల్లబడుతున్నది తెగులు వల్ల కాదురా. కుండీలో మట్టి మీద తెల్లగా పొర కట్టింది చూడు, అసలు సంగతి అక్కడుంది. ఈగలు దొరక్క ఆకలితో చస్తోందేమోనని కోడిమాంసం ముక్క పెట్టబోయావట! ఆ పని మాత్రం చెయ్యకు. దానికి కావలసిన తిండి మిగతా మొక్కల్లాగే ఎండలో అదే తయారు చేసుకుంటుంది. ఈగ నుంచి తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. అవి మట్టిలో దొరకని చోట పుట్టింది కాబట్టే ఈ వేట నేర్చింది.

ఆ చోటు మాకు దగ్గరే. అమెరికాలో, నార్త్ కరోలినాలో మేముండే క్యారీ నుంచి రెండున్నర గంటలు కారులో వెళితే కరోలినా బీచ్ స్టేట్ పార్క్ వస్తుంది. అందులో ఈ మొక్కల పేరు మీదే ఒక కాలిబాట ఉంది. ఫ్లైట్రాప్ ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది విల్మింగ్టన్ ఊరి చుట్టుపక్కల, నార్త్, సౌత్ కరోలినా రాష్ట్రాల తీరప్రాంతంలోనే. నేల చూస్తే ఇసుక, దాంట్లో కుళ్ళిన నాచు కలిసి నల్లగా, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఏడాదికి 1400 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, ఉన్న కాస్త సారమూ కొట్టుకుపోతుంది. మొక్కలు మాత్రం గడ్డిలో వంగి వెతికితే తప్ప కనపడవు. (ఒకటి పట్టుకురమ్మంటావేమో! ఈ ప్రాంతంలో 2014 చట్టం వచ్చాక అడవిలోంచి వాటిని పెకలిస్తే జైలుకి పోవాల్సినంత నేరం.)

అలాంటి దానికి నువ్వు మియాపూర్ బోరు నీళ్ళు పోస్తున్నావు. నీళ్ళలో లవణాలు కొలిచే నీ టీడీఎస్ మీటరు 500 చూపించిందన్నావు కదా, అంటే లీటరుకి 500 మిల్లీగ్రాముల లవణాలు. రోజూ కుండీ కింది పళ్ళెంలో పావు లీటరు పోస్తే 125 మిల్లీగ్రాములు. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. నెల తిరిగేసరికి ఆ నాలుగంగుళాల కుండీలో దాదాపు నాలుగు గ్రాములు చేరుతుంది. వేళ్ళ చుట్టూ ఉప్పు చిక్కబడితే పక్కన నీళ్ళున్నా మొక్క తాగలేదు. పైగా బోరు నీళ్ళలోని సున్నం మట్టిలో పులుపుని చంపేస్తుంది, దీనికి పుల్లటి మట్టే కావాలి.

మీటరు 50 లోపు చూపించే నీళ్ళు ఏవైనా పరవాలేదు. వాననీళ్ళయితే మరీ మంచిది. డాబా మీద బకెట్ పెట్టి నేరుగా పట్టు, గొట్టంలోంచి వచ్చేవి వద్దు, సిమెంటు మీద పారిన నీళ్ళలో సున్నం కలుస్తుంది. వాన లేనప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో, యాసిడ్ క్యాన్ కాకుండా చూసుకో. మా ఇంట్లో ఆర్వో ఉంది కదా అంటావేమో. రుచి కోసం కొన్ని మెషీన్లు ఖనిజాలు మళ్ళీ కలుపుతాయి, మీటరు ముంచి చూశాకే పొయ్యి.

మట్టి కూడా మార్చాలి. నర్సరీవాడిచ్చిన వర్మీకంపోస్ట్ మిశ్రమం దానికి విషం. స్ఫాగ్నమ్ పీట్ అనే కుళ్ళిన నాచు సగం, పెర్లైట్ అనే తెల్లటి తేలిక గుళికలు సగం కలుపు, ఎరువు కలపనివి చూసి కొను. కోకోపీట్ చవకే గానీ అందులో ఉప్పుంటుంది. అదే వాడాలంటే వాననీళ్ళలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, పిండిన నీళ్ళలో మీటరు దిగేదాకా కడగాలి. నేనైతే ఆ తిప్పలు పడను.

ఇక చలికాలం. మీకది పెద్ద చిక్కు. విల్మింగ్టన్‌లో జనవరి రాత్రులు సున్నా దాకా దిగుతుంటాయి, పగళ్ళు పొట్టివి. అప్పుడు మొక్క పెరగడం ఆపి, దాచుకున్నదంతా నేలలోని తెల్ల దుంపలో పెట్టుకుని పడుకుంటుంది. హైదరాబాదులో డిసెంబర్ పగలు కూడా 28 డిగ్రీలు ఉంటే దానికి నిద్రెక్కడిది? ఒక ఏడాది లాక్కొస్తుంది, తర్వాత ఆకులు చిన్నవై, నీరసించి పోతుంది.

అందుకే ఫ్రిజ్. నవంబర్ ఆఖర్లో దుంపని తీసి వాననీళ్ళతోనో డిస్టిల్డ్ వాటర్‌తోనో కడిగి, నల్లబడిన ఆకులు కత్తిరించు, లేకపోతే బూజు పడుతుంది. తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి కూరగాయల అరలో ఉంచు. 4, 5 డిగ్రీలు చాలు, ఫ్రీజర్ వద్దు. వెలుతురు లేకపోయినా ఏం కాదు. రెండు వారాలకోసారి తెరిచి చూడు. దుంప తెల్లగా, గట్టిగా ఉంటే బాగున్నట్టే, గోధుమరంగు తిరిగి మెత్తబడితే పోయినట్టు. ఫిబ్రవరి మధ్యలో తీసి నాటి, వారం రోజులు ఉదయపు ఎండలోనే ఉంచు. ఆకులు లేవు కదా అని మీ అమ్మగారు కవరు చెత్తలో పడెయ్యకుండా దాని మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు.

ముందు ఈ ఆదివారం మట్టి మార్చు. నల్లబడిన ఆకులు మళ్ళీ పచ్చబడవు, వాటిని చూసి కంగారు పడకు. నడిమధ్య నుంచి వచ్చే కొత్త ఆకు ఎలా ఉందో నెల తర్వాత ఫొటో పంపు.

నీ
రాజా