కలెక్టర్ గారూ, ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు ఇప్పించండి

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఊళ్లలో ఇరవై రెండేళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేసుకుని బతుకుతున్నాను. బడి ప్రార్థన దగ్గర పిల్లలకు కరెంటు జాగ్రత్తలు చెప్పించమని అడగడానికే ఈ ఉత్తరం. ఆఫీసుల భాష నాకు రాదు, అందుకే మామూలుగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

పోయిన వానాకాలం మా ఊరి బడిలో బోరు మోటార్ స్టార్టర్ కాలిపోతే చూడడానికి పోయాను. అప్పుడే ప్రార్థన నడుస్తోంది. హెడ్మాస్టర్ గారు నన్ను చూసి, వచ్చావు కదా, పిల్లలకు కరెంటు గురించి రెండు ముక్కలు చెప్పిపో అని ముందర నిలబెట్టారు. నాకు టెన్షన్. ఎప్పుడూ మైకు పట్టుకున్నవాణ్ణి కాదు. సాకెట్‌లో వేలు పెట్టకండి, పుల్లలు పెట్టకండి, కరెంటుతో ఆడకండి అని అందరూ చెప్పేదే చెప్పాను. పిల్లలంతా ఒకేసారి "సరే సార్" అన్నారు. అయిపోయింది అనుకుని దిగబోతుంటే ఆరో తరగతి పిల్ల ఒకతి చెయ్యి ఎత్తింది.

"సార్, మా దండెం మీద బట్టలు తీస్తుంటే చెయ్యి జుమ్మంటది. అది కూడా కరెంటేనా?"

ఆ పిల్ల మాటకు కొందరు నవ్వారు. ఇంకో ఇద్దరు మాత్రం మా ఇంట్లో కూలర్ అట్లనే అంటది, మా ఫ్రిజ్ అట్లనే అంటది అన్నారు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఆ పిల్ల ఇంటికి పోయాను. రేకుల ఇల్లు. స్తంభం మీది నుంచి వచ్చిన సర్వీసు వైరు రేకు అంచు మీదుగా మీటరుకు దిగింది. గాలికి అటూ ఇటూ ఊగి ఊగి రేకు అంచుకు ఒరుసుకుని, వైరు పైన తొడుగు వేలెడు మేర తెగిపోయింది. లోపలి తీగ రేకును ముట్టుకుంటోంది. రేకుల కింద ఇనుప పైపులు, ఒక పైపుకు దండెం కట్టారు, రెండో కొన వేప చెట్టుకు. దండెం అంటే తాడు కాదు, ఇనుప తీగ. టెస్టర్ రేకుకు పెడితే వెలిగింది, పైపుకు పెడితే వెలిగింది, దండేనికి పెడితే వెలిగింది. ఇల్లు మొత్తం నెత్తిన కరెంటు పెట్టుకుని కూర్చుంది. వాళ్ల అమ్మ ఏమన్నదంటే, తడి బట్టలకు అట్లనే ఉంటదేమో అనుకున్నమన్నా అని. ఎండాకాలమంతా వాళ్లకు ఏమీ తెలియలేదు, ఎందుకంటే నేల ఎండి ఉంది, కాళ్లకు చెప్పులున్నాయి, బట్టలు తీసేటప్పటికి ఆరిపోయి ఉంటాయి. వానలు పడ్డాక నేల తడిసింది, పిల్ల ఉత్త కాళ్లతో నిలబడి తడి బట్టలు తీస్తోంది. అప్పుడు జుమ్మన్నది. ఇంకో పెద్ద వాన పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి సార్. ఆ వైరు ఒరుసుకున్నది మీటరుకు ముందు. అంటే ఇంట్లో మెయిన్ ఆపేసినా రేకుల్లో కరెంటు పోదు. ఫీజు కూడా పోదు. చెట్టు ద్వారా భూమిలోకి పోయే కరెంటు కొంచెమే, ఆ కొంచేనికి ఏ ఫీజూ కదలదు. లైన్‌మన్‌ను పిలిచి స్తంభం దగ్గర తీయించాకే నేను చెయ్యి పెట్టాను. తెగిన చోటు సరి చేసి, వైరును రేకుకు తగలకుండా ప్లాస్టిక్ పైపులోంచి తెచ్చి, దండెం తీగ పీకేసి నైలాన్ తాడు కట్టించాను, అదీ పైపుకు కాదు, విడిగా పాతిన కర్రకు. సగం రోజు పని.

ఇది జరిగాక నాకు అర్థమైందేమిటంటే, మన పిల్లలు కరెంటుతో ఆడరు. పని చేస్తారు. బట్టలు ఆరేస్తారు, కూలర్‌లో నీళ్లు పోస్తారు, మోటార్ వేస్తారు, బకెట్లో హీటర్ పెట్టి నీళ్లు కాగినయా అని చెయ్యి పెట్టి చూస్తారు. వాళ్లకు 'ఆడకండి' అని చెప్తే ఏం లాభం?

అందుకని రెండు వారాల తర్వాత నేనే అడిగి మళ్లీ ప్రార్థన దగ్గర నిలబడ్డాను. ఈసారి చెప్పింది ఇది. మిగతా బళ్లలో ఎవరైనా వాడుకోవచ్చని రాస్తున్నాను.

"పిల్లలూ, దేన్నైనా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటే అది కరెంటే. గోడ కావచ్చు, కూలర్ కావచ్చు, బోరు పైపు కావచ్చు. చిన్నగా అన్నది కదా అని రెండోసారి ముట్టి చూడొద్దు, దోస్తుకు ముట్టించి నవ్వొద్దు. ఇయ్యాల చెప్పులేసుకున్నావు కాబట్టి చిన్నగా అన్నది, రేపు కాళ్లు తడిగా ఉంటే అదే తీగ వదలదు. వదలదు అంటే దెయ్యం పట్టినట్టు కాదు. కరెంటు తగిలితే కండరాలు బిగుసుకుంటాయి, మూసే కండరాలు తెరిచేవాటి కంటే బలమైనవి, అందుకే గుప్పిట మూసుకుపోయి తీగను నువ్వే గట్టిగా పట్టుకుంటావు. జుమ్మన్నది అని ఇంట్లో చెప్పు, మీ అమ్మ వినకపోతే సారుకు చెప్పు, సారు వినకపోతే నాకు చెప్పు.

"రెండోది, నీళ్లు. హీటర్ పెట్టిన బకెట్ ప్లాస్టిక్‌ది కదా అనుకోవద్దు, కరెంటు వచ్చేది బకెట్‌లోకి కాదు, నీళ్లలోకి. నీళ్లు కాగినయో లేదో చూడాలంటే ముందు స్విచ్ ఆపాలి, తర్వాత ప్లగ్గు పీకాలి, పొడి చేత్తో, ప్లగ్గును పట్టుకుని, వైరును లాగకుండా. ఆ తర్వాతే నీళ్లలో వేలు. కూలర్‌కూ అంతే, ప్లగ్గు పీకాకే నీళ్లు పొయ్యాలి."

స్విచ్ ఆపితే చాలదా అని ఒక పిల్లాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఇంటికి వచ్చేవి రెండు తీగలు, ఫేజు, న్యూట్రల్. స్విచ్ తెంపేది ఒక్కదాన్నే. పని చేసినవాడు పొరపాటున స్విచ్‌ను న్యూట్రల్ మీద పెడితే (మా వాళ్లలో అట్లాంటి వాళ్లున్నారు, ఒప్పుకుంటాను) స్విచ్ ఆపినా హీటర్ దాకా కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకితే రెండూ తెగుతాయి. ఇంకొకటి, తాగడానికి భగీరథ నీళ్లు వచ్చినా మా దగ్గర స్నానాలకు ఇంకా బోరు నీళ్లే. ఆ నీళ్లకు హీటర్ కాయిల్ మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. లోపలి వేడి బయటికి పోలేక కాయిల్ మరీ కాగి, పై గొట్టం పగులుతుంది, పగిలిన చోటు నుంచి కరెంటు నీళ్లలోకి వస్తుంది. కాయిల్ మీద తెల్ల పొర మందంగా కనిపిస్తే, పగులు కనిపిస్తే, ఆ హీటర్ పని అయిపోయింది.

తర్వాత కింద పడ్డ తీగ సంగతి. బర్రెలు ఎందుకు చచ్చిపోతాయో తెలుసా అని అడిగాను. తీగను ముట్టుకోకపోయినా పోతాయి. తీగ పడిన చోట నేలలో కరెంటు ఉంటుంది, దూరం పోయిన కొద్దీ తగ్గుతుంది. బర్రె ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, ముందు కాళ్ల దగ్గర ఎక్కువ, వెనక కాళ్ల దగ్గర తక్కువ ఉంటే ఆ తేడా మొత్తం దాని ఒంట్లోంచి, గుండె మీదుగా పోతుంది. అందుకే పొలంలో తీగ కనిపిస్తే ఎంత దగ్గర ఉన్నావో అక్కడి నుంచే వెనక్కి రావాలి, పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలు ఆనించి చిన్న చిన్నగా జరుపుతూ. ముప్పై నలభై అడుగులు దాటాక పెద్దవాళ్లను పిలవాలి, 1912కు ఫోన్ చేయించాలి. కరెంటు పోయింది కదా అని దగ్గరికి పోకూడదు, మళ్లీ వేస్తారు. ఈ మాటకు వెనక వరుసలో పిల్లలు కూడా కదలకుండా విన్నారు.

ఆఖరిది చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. "మీ అమ్మను కరెంటు పట్టుకుంటే మీరు ముట్టుకోవద్దు." పిల్లలు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోయిన ఇళ్లు మన జిల్లాలో అందరికీ తెలుసు. ముట్టుకున్నవాడి ఒంట్లోంచి కూడా అదే కరెంటు పోతుంది, వాడి చెయ్యి కూడా అట్లాగే బిగుసుకుంటుంది. పిల్లలు చేయగలిగింది మెయిన్ ఆపడం. అందుకే ప్రతి పిల్లకూ మెయిన్ ఎక్కడుందో తెలిసి ఉండాలి, అందేట్టు ఉండాలి. దండెం లాంటి చోట మెయిన్ ఆపినా పోకపోవచ్చు, కాబట్టి అరుస్తూ పెద్దవాళ్లను తేవాలి. ఎండిన కర్రతో తోయడం లాంటివి పెద్దవాళ్ల పని, అదీ ఇంటి కరెంటుకే, 11 కేవీ లైనుకు ఎండు కర్ర కూడా దిక్కు కాదు. విడిపించాక మనిషి పలకకపోతే 108.

ఇంత చెప్పడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఐదు అని రాశాను, ప్రశ్నలు వస్తే ఏడు అవుతుంది.

ఇప్పుడు నేను అడిగేది. జూన్ 12న బళ్లు తెరిచిన మొదటి వారంలో, వానలు ఊపందుకోకముందే, ప్రతి ప్రభుత్వ బడి ప్రార్థనలో ఆ ఊరి లైన్‌మన్‌తోనో వైరింగ్ పనివాడితోనో ఈ మాటలు చెప్పించండి. ఫ్లెక్సీలు వద్దు సార్, ఫ్లెక్సీకి ఎవరూ చెయ్యి ఎత్తి ప్రశ్న అడగరు. మరుసటి రోజు పిల్లలు తమ ఇంట్లో దండెం తీగా తాడా, ఎక్కడ కట్టారు, ఏది జుమ్మంటది అని చూసి వచ్చి సారుకు చెప్పాలి. ముట్టుకుని కాదు, ఇంట్లో వాళ్లను అడిగి. ఆ చీటీలు లైన్‌మన్‌కు ఇస్తే ఏ ఇంటికి ముందు పోవాలో ఆయనకు తెలుస్తుంది.

దాంతో పాటు బళ్ల కరెంటు బోర్డులు కూడా. మా బడిలో పిల్లలు చేతులు కడుక్కునే నల్లాల పక్కనే మోటార్ స్టార్టర్ ఉంది, అరుగు ఎప్పుడూ తడే. దాన్ని గది లోపలికి జరపాలి. ప్రతి బడి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్, అంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. ఎంసీబీ ఉంది కదా అంటారు ఇంజనీర్లు. ఎంసీబీ కాపాడేది వైరును. ఇళ్లలో మామూలుగా వాడే చిన్న ఎంసీబీయే 6 ఆంపియర్లది, అంతకు మించితేనే పడిపోయి కరెంటు ఆపుతుంది. మనిషిని చంపడానికి అందులో వందో వంతు చాలు. ఆర్‌సీసీబీ పోయిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూసుకుంటూ ఉంటుంది, ఎవరి ఒంట్లోంచో భూమిలోకి కొంచెం పోయినా కనురెప్ప వేసేలోగా ఆపేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి, పడకపోతే అది చచ్చిపోయినట్టే. ఆ బటన్ నొక్కే పని ఏ సారుదో పేరు పెట్టి రాయించండి, లేకపోతే ఎవరూ నొక్కరు.

మా మండలంలో ఏ బడికి పిలిచినా నేను వస్తాను, దానికి పైసలేమీ వద్దు. ఆ మోటార్ స్టార్టర్ రిపేరు బిల్లు మాత్రం ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

ఇట్లు,
దేవరకొండ వైపు ఒక వైరింగ్ పనివాడు