2027 దాటకముందే ఆ రికార్డు ఇప్పించండి

గౌరవనీయులైన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారికి,

నా అర్జీలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

మా నాన్న 1987లో సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేరారు. ఆస్‌బెస్టాస్ బస్తాలు కోసి మిక్సర్‌లో పోయడం ఆయన పని. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. 2004లో మానేశారు. తర్వాత ఎప్పుడో ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైపొర మీద మచ్చలు కనిపించాయి. ఆ మచ్చలు క్యాన్సర్‌గా మారవు, నిజమే. కానీ ఆ పొడి లోపలికి వెళ్లిందనడానికి అవే గుర్తు. నిరుడు ఆయాసం మొదలైంది. ఛాతీలో చేరిన నీరు తీసి పరీక్షిస్తే ఏమీ తేలలేదు. చివరికి బయాప్సీలో మీసోథీలియోమా అని తేలింది. పీల్చిన మూడు, నాలుగు దశాబ్దాలకు బయటపడే క్యాన్సర్ ఇది.

పరిహారం అడిగితే, అక్కడ పనిచేసినట్టు రుజువు తెమ్మంటున్నారు. కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. మా నాన్న విషయంలో ఆ గడువు 2027.

దయచేసి ఆ రికార్డును యాజమాన్యం నుంచి తెప్పించి, ధ్రువీకరించిన నకలు మాకు ఇప్పించండి. ఆయనతో పనిచేసి మానేసిన వారందరికీ ఛాతీ పరీక్షలు చేయించండి.

ఇట్లు,
ఒక కార్మికుడి కూతురు