పొలాల దారి గెడ్డ మీద కట్టిన రెండు గళ్ల కల్వర్టు: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, ఆడపడుచులకు, విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ సైన్యంలోనూ ఉంటూ చందా పంపిన మన పిల్లలకు కల్వర్టు కమిటీ నమస్కారం.

పని పూర్తయింది. ట్రాక్టర్లు కళ్లాల వైపు తిరుగుతున్నాయి. మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత. మొత్తం చెబుతాం గానీ కాంక్రీటు దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. ఊళ్లో చాలామంది అడిగింది దాని గురించే. కొటేషన్‌లో 13.80 క్యూబిక్ మీటర్లు ఉంటే 12.15కే డబ్బు ఎలా కట్టారు, ఆ తగ్గిన కాంక్రీటు కల్వర్టులో పడలేదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఎవరైనా టేపు పట్టుకుని సరిచూసుకునేలా జవాబు చెబుతాం.

ముందు జమ. ఇంటికి 750 చొప్పున 112 ఇళ్ల నుంచి 84,000 రూపాయలు వచ్చాయి. గెడ్డ అవతల పొలం ఉన్న రైతులు ఎకరానికి 500 చొప్పున 94 ఎకరాలకు 47,000 ఇచ్చారు. ట్రాక్టర్లున్న తొమ్మిది మంది తలా 5,000 వేసుకుని 45,000 ఇచ్చారు. బయట ఊళ్లలో ఉన్నవాళ్లు పంపింది 86,500. పని అయ్యాక మిగిలిన 35 కేజీల ఇనుప ముక్కలు అమ్మితే 1,050 వచ్చింది. మొత్తం జమ 2,63,550 రూపాయలు.

ఇక కాంక్రీటు లెక్క. ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం ఒక్కో గడి లోపలి వెడల్పు 1.50 మీటర్లు, లోపలి ఎత్తు 1.20 మీటర్లు. దారికి అడ్డంగా, అంటే నీళ్లు పారే దిక్కున, కల్వర్టు పొడవు 5 మీటర్లు. గోడలు మూడు, ఒక్కోటి 20 సెంటీమీటర్ల మందం. పై స్లాబు 20, అడుగు స్లాబు 25 సెంటీమీటర్లు. గట్లు ఎత్తు తక్కువ కాబట్టి ఒకే పెద్ద గడి కాకుండా రెండు చిన్నవి పెట్టారు. మధ్య గోడ స్లాబును మోస్తుంది, అందుకే 20 సెంటీమీటర్ల మందం సరిపోయింది.

మొత్తం బయటి వెడల్పు కట్టుకోవడంతో లెక్క మొదలవుతుంది. రెండు గళ్లకు 3.00, మూడు గోడలకు 0.60, కలిపి 3.60 మీటర్లు. ఆ తర్వాత:

```
అడుగు స్లాబు   3.60 × 5.00 × 0.25        = 4.50
పై స్లాబు      3.60 × 5.00 × 0.20        = 3.60
గోడలు       3 × 0.20 × 1.20 × 5.00    = 3.60
హాంచ్‌లు     8 × ½ × 0.15 × 0.15 × 5.00 = 0.45
మొత్తం                        12.15 క్యూబిక్ మీటర్లు
```

హాంచ్‌లంటే గడి లోపల గోడ, స్లాబు కలిసే మూలల్లో ఏటవాలుగా నింపిన త్రికోణాలు. ఒక్కో గడికి నాలుగు మూలలు, రెండు గళ్లకు ఎనిమిది. చూడటానికి చిన్నవే గానీ అన్నీ కలిపితే దాదాపు అర క్యూబిక్ మీటరు కాంక్రీటు. మూల దగ్గర పగులు రాకుండా కాచేవి అవే.

ఇందులో గమనించాల్సింది గోడ ఎత్తు. గోడను 1.20 మీటర్లే కొలిచాం. స్లాబులను బయటి అంచు నుంచి బయటి అంచు దాకా 3.60 వెడల్పుతో పట్టుకున్నాం కాబట్టి, గోడ నెత్తిన, గోడ కింద ఉన్న కాంక్రీటు స్లాబుల లెక్కలో వచ్చేసింది. గోడను కింది నుంచి పై దాకా 1.65 మీటర్లుగా పట్టుకుంటే ఆ ముక్కలు రెండోసారి లెక్కకొస్తాయి, 1.35 క్యూబిక్ మీటర్లు ఊరికే పెరుగుతుంది. మాకు వచ్చిన కొటేషన్లలో ఒకదానిలో ఇలాగే ఉంది.

13.80 అన్న కొటేషన్‌లో తేడా వేరే చోట ఉంది. ఆ కొటేషన్ ఇచ్చినాయన ఒక్క గడిని పూర్తి పెట్టెగా లెక్కగట్టి రెండుతో గుణించాడు. ఒక పెట్టెకు వెడల్పు 1.90, రెండు గోడలు, రెండు స్లాబులు, అంతా 6.675. రెండింటికి 13.35. దానికి హాంచ్‌ల 0.45 కలిపితే 13.80. కానీ రెండు పెట్టెలు విడివిడిగా లేవు, మధ్య గోడ రెండింటికీ ఉమ్మడి. దాన్ని ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. తేడా 0.20 × 1.65 × 5.00, అంటే సరిగ్గా 1.65 క్యూబిక్ మీటర్లు. 13.80 లోంచి అది తీసేస్తే 12.15 వస్తుంది. కాబట్టి తగ్గింది కల్వర్టులోని కాంక్రీటు కాదు, కాగితం మీది గోడ. ఆయన దగ్గర కూర్చుని ఈ గుణకారం చూపించాక ఒప్పుకున్నాడు, పని కూడా ఆయనే చేశాడు. పోత కూలి క్యూబిక్ మీటరుకు 1,800 చొప్పున కుదిరింది కాబట్టి కూలిలోనే 2,970 రూపాయలు ఆదా. ఆ 1.65 క్యూబిక్ మీటర్లకు కొనాల్సిన పన్నెండు బస్తాల పైచిలుకు సిమెంటు, కంకర, ఇసుక అదనపు ఆదా.

ఇంకో దారిలో కూడా సరిచూశాం. బయటి కొలతలతో నిండు దిమ్మ అనుకుంటే 3.60 × 1.65 × 5.00 = 29.70. అందులోంచి రెండు గళ్ల ఖాళీ 2 × 1.50 × 1.20 × 5.00 = 18.00 తీసేస్తే 11.70. హాంచ్‌లు 0.45 కలిపితే మళ్లీ 12.15. రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో ఒక ముక్క రెండుసార్లు పడిందనో, వదిలేశామనో అర్థం. లోపల ఉన్న ఇనుము ఆక్రమించిన చోటు తీసేయలేదేమని మన పిల్లాడొకడు అడిగాడు. ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణంలోని కొలత నియమం ప్రకారం దాన్ని తీసేయరు. తీసినా 0.15 క్యూబిక్ మీటర్లే.

అడుగుల్లో ఆలోచించే పెద్దలకు ఇంకో అనుమానం వచ్చింది. 12.15 క్యూబిక్ మీటర్లంటే 429 ఘనపుటడుగులు. కానీ కల్వర్టు బాక్సుకు వేసిన ఇసుక, 20 ఎంఎం కంకర, సిమెంటు విడివిడిగా కొలిస్తే 670 అడుగులు దాటింది. మిగతా 240 అడుగుల సరుకు ఏమైంది? ఎక్కడికీ పోలేదు. కుంచం నిండా శెనగలు పోశాక కూడా అందులో బోలెడు నూకలు పడతాయి కదా, అలాగే కంకర సందుల్లో ఇసుక, ఇసుక సందుల్లో సిమెంటు, నీళ్లు దూరతాయి. అందుకే పొడి సరుకు తడి కాంక్రీటుకు ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. మేస్త్రీలు 1.54తో గుణించేది ఇందుకే. మన మిశ్రమానికి 1.56 దాకా వచ్చింది.

డబ్బు డ్రాయింగ్ కొలతకే కడతామని ముందే రాసుకున్నాం. దాంతో ఎక్కువ కలిపి ఎక్కువ బిల్లు పెట్టే దారి మూసుకుపోయింది. అయితే పలచగా పోసి సరుకు మిగిల్చే దారి తెరిచే ఉంది. దానికోసం మిక్సర్ దగ్గర డిగ్రీ చదివే మన కుర్రాళ్లు ఇద్దరు కూర్చుని, డ్రమ్ములో పడిన ప్రతి బస్తాకూ పలక మీద గీత గీశారు. ఎం-25 మిశ్రమానికి ఇంజనీరు ఇచ్చిన లెక్క క్యూబిక్ మీటరుకు 380 కేజీలు, అంటే 7.6 బస్తాలు. ఎన్ని గీతలు పడ్డాయో చూస్తే ఎంత కాంక్రీటు పడిందో తెలుస్తుంది.

పోత మూడు విడతల్లో సాగింది. మొదటి విడతలో అడుగు స్లాబు, కింది హాంచ్‌లు, గోడల అడుగున ముందుగా పోసే 15 సెంటీమీటర్ల స్టార్టర్, మొత్తం 5.175 క్యూబిక్ మీటర్లు. లెక్క ప్రకారం 39.3 బస్తాలు, పడింది 40. అడుగు స్లాబు కింద పోసిన బెడ్డు అద్దంలా చదునుగా ఉండదు కాబట్టి ఆ కాస్త పెరగడం సహజం. రెండో విడతలో గోడలు 2.70 క్యూబిక్ మీటర్లు, లెక్క 20.5, పడింది 21. ఇక్కడ నాలుగైదు బస్తాలు ఎక్కువ పడి ఉంటే సెంట్రింగ్ ఉబ్బిందని అనుకోవాలి. మూడో విడతలో పై స్లాబు, పై హాంచ్‌లు, గోడల చివరి 15 సెంటీమీటర్లు కలిపి 4.275 క్యూబిక్ మీటర్లు. లెక్క 32.5, పడింది 32. అర బస్తా తక్కువంటే స్లాబు మందంలో మూడు నాలుగు మిల్లీమీటర్లు. దీన్ని ఒప్పుకున్నాం. అదే రెండు సెంటీమీటర్లు పలచబడి ఉంటే దాదాపు మూడు బస్తాలు తగ్గేవి, 29 దగ్గరే గీతలు ఆగిపోయేవి. ఆ పలక ఫొటో బిల్లుల ఫైల్లో ఉంది.

అయితే బస్తాల లెక్క మొత్తం ఎంతో చెబుతుంది, ఎక్కడ పడిందో చెప్పదు. స్లాబు ఒక పక్క 22, ఇంకో పక్క 18 సెంటీమీటర్లు ఉన్నా గీతలు అంతే పడతాయి. అందుకే పోతకు ముందు సెంట్రింగ్ అంచుల మీద మట్టం గుర్తులు పెట్టించి, మధ్యలో ఇనుప చువ్వ దించి లోతు చూస్తూ పోయించాం. ప్రతి విడతలో మూడేసి దిమ్మలు పోసి ల్యాబుకు పంపాం. 28 రోజుల ఫలితాలు మూడు విడతలకూ చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లకు పైనే వచ్చాయి, కాగితాలు ఫైల్లో ఉన్నాయి.

ఈ లెక్కతోనే సిమెంటు ఖర్చు చూడండి. బాక్సుకు 93 బస్తాలు. దాని కింద 10 సెంటీమీటర్ల బెడ్డుకు, అంటే 2.07 క్యూబిక్ మీటర్లకు, 9 బస్తాలు. రెక్క గోడలు, పిట్టగోడల రాతి కట్టుకు 12. పాత కాంక్రీటు మీద కొత్తది పోసే ముందు గరుకు చేసి సిమెంటు పాలు పోయడానికి ఒకటి. మొత్తం 115 బస్తాలు, 360 చొప్పున 41,400 రూపాయలు. ఇనుము 1,150 కేజీలు, 62 చొప్పున 71,300, బైండింగ్ వైరు 800. ఇసుకకు రవాణా, లోడింగ్, కంకర, రాయి కలిపి 32,400. సరుకు మొత్తం 1,45,900.

కూలిలో సెంట్రింగ్ 18,500, ఇనుము కోసి వంచి కట్టడానికి 10,350, బాక్సు పోత 12.15 × 1,800 చొప్పున 21,870, బెడ్డు పోత 2,484, రాతి కట్టు 9,000. మొత్తం 62,204.

మిగతావి: జేసీబీ 10,800, రెండు వైపులా గ్రావెల్ 12,600, గెడ్డ నీళ్లు మళ్లించడానికి మోటారు, డీజిల్ 4,350, డ్రాయింగ్ 8,000, దిమ్మల పరీక్ష 2,400, క్యూరింగ్ గోనెలు 1,200, పని రోజుల్లో భోజనాలు, టీలు 9,600. మొత్తం 48,950. భోజనాల ఖర్చు ఎక్కువన్నవాళ్లున్నారు. మూడు పోతలూ మధ్యలో ఆగకుండా సాగాలి కాబట్టి మనుషుల్ని అక్కడే ఉంచాల్సి వచ్చింది. తడపడం, కాపలా ఊరి కుర్రాళ్లు ఉచితంగా చేశారు, దానికి రూపాయి రాయలేదు.

మొత్తం ఖర్చు 2,57,054. జమ 2,63,550 లోంచి తీసేస్తే చేతిలో నిల్వ 6,496 రూపాయలు. అది కమిటీ ఉమ్మడి బ్యాంకు ఖాతాలో ఉంది. మొదటి పెద్ద వరదకు కింది వైపు అడుగు కోసుకుపోతే రాయి పేర్చడానికి ఆ డబ్బు వాడాలని ఊరి సమావేశంలో అనుకున్నాం. అవసరం రాకపోతే ఏం చేయాలో సంక్రాంతికి అందరూ ఊరొచ్చినప్పుడు నిర్ణయిద్దాం.

బిల్లులు, డ్రాయింగ్, పలక ఫొటోలు పంచాయతీ ఆఫీసులో ఉంచాం. కల్వర్టు ఎదురుగా నిలబడి టేపు పెడితే గడి వెడల్పు, ఎత్తు, గోడ మందం, పై స్లాబు మందం, కల్వర్టు పొడవు, అన్నీ దొరుకుతాయి. అడుగు స్లాబు మందం మాత్రం ఇప్పుడు కనబడదు. పోతకు ముందు టేపు పెట్టి తీసిన ఫొటో ఫైల్లోని రెండో పేజీలో ఉంది.

ఇట్లు,
పొలాల దారి కల్వర్టు కమిటీ