బడి సంపు మీద రాసిన 13,500 లీటర్ల గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ఇరవై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మేస్త్రీని. మా అమ్మాయి ఊళ్లోని ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదువుతోంది. ఆ బడి సంపు మూత పక్కన ‘13,500 లీటర్లు’ అని పెయింటుతో రాశారు. సంపు నిండినప్పుడల్లా ఆ అంకెను బట్టి, వెయ్యి లీటర్లకు 4 గ్రాముల చొప్పున 54 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపేవారు. నీళ్లు ఘాటుగా ఉన్నాయని పిల్లలు తాగడం మానేశారు. సాయంత్రం మా అమ్మాయి ఇంటికి రాగానే బిందె దగ్గరికి పరిగెత్తేది.

అనుమానం వచ్చి డ్రాయింగు చూశాను. బయటి కొలతలు పొడవు 10 అడుగులు, వెడల్పు 8, ఎత్తు 6. గుణిస్తే 480 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. మూత పక్కన రాసిన అంకె వచ్చింది ఇలాగే. గోడలనూ స్లాబునూ కూడా నీళ్లుగానే లెక్కేశారు!

గోడ మందం ప్లాస్టరింగుతో కలిపి 9 అంగుళాలు. పొడవుకు రెండు చివరలా గోడ ఉంటుంది కాబట్టి 18 అంగుళాలు తీసేయాలి. వెడల్పులోనూ అంతే. చాలామంది ఒక్కసారే తీసేసి ఇక్కడే పొరపడతారు. అలా లోపలి కొలతలు ఎనిమిదిన్నర, ఆరున్నర అడుగులు. కింద బెడ్డు 6 అంగుళాలు, పైన స్లాబు 6 అంగుళాలు పోతే లోతు 5 అడుగులు. అంటే సుమారు 7,800 లీటర్లు. అదీ నిండదు. ఓవర్‌ఫ్లో పైపు స్లాబుకు అర అడుగు కింద ఉంది కాబట్టి నీళ్లు నాలుగున్నర అడుగుల దగ్గరే ఆగుతాయి. నిలిచేవి 7,000 లీటర్లు. మోటారు నీళ్లు లాగే పైపు చివరి ఫుట్‌వాల్వు సంపు నేల నుంచి అర అడుగు ఎత్తున ఉంది, ఆ కింది నీళ్లు మోటారుకు అందవు. వాడుకకు వచ్చేవి 6,250 లీటర్లే.

కాగితం మీది లెక్కను నమ్మలేక, సంపు కడిగిన రోజు 5,000 లీటర్ల ట్యాంకరు పోయించి కర్ర దించి చూశాం. రాసిన అంకె నిజమైతే నీళ్లు రెండుంపావు అడుగులు దాటకూడదు. 3 అడుగుల 2 అంగుళాలు వచ్చాయి. హెడ్మాస్టరు గారు ఆ రోజే పౌడర్‌ను 28 గ్రాములకు తగ్గించారు. పిల్లలు మళ్లీ తాగుతున్నారు.

సంపు భూమిలో ఉంటే బయటి కొలతలు డ్రాయింగులోనే దొరుకుతాయి, అందుకే అందరూ వాటినే పట్టుకుంటారు. మీరు ఒక ఉత్తర్వు ఇవ్వండి. పైస్లాబు వేయకముందే ఇంజనీరు లోపలి పొడవు, వెడల్పు, ఓవర్‌ఫ్లో దాకా ఎత్తు టేపుతో కొలిచి, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో రాయాలి. మధ్యలో అడ్డగోడ గానీ పిల్లరు గానీ ఉంటే దాని ఘనపరిమాణం కూడా తీసేయాలి. మూత పక్కన రెండు అంకెలు రాయించాలి: పౌడర్ కోసం నిలిచే నీళ్లు, వాడకం కోసం మోటారుకు అందే నీళ్లు. పాత సంపులకు ఒక్క ట్యాంకరు, ఒక కర్ర చాలు. మా మండలంలోని బడులకు సెలవుల్లో నేనే వచ్చి కొలిచి ఇస్తాను, కూలి అడగను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి, తాపీ మేస్త్రీ