రెట్టింపు అడ్వాన్సు ఇస్తే ఒప్పందం తీరిపోదు

సంపాదకులకు నమస్కారం.

భూముల ధరలు పెరిగినప్పుడల్లా మా ప్రాంతంలో ఒకే రకం తగాదా పెద్దమనుషుల ముందుకు వస్తోంది. పొలం అమ్ముతానని అగ్రిమెంట్ రాసిచ్చి, అడ్వాన్సు తీసుకున్నాయన రిజిస్ట్రేషన్‌కు రానంటాడు. అగ్రిమెంట్‌లో ‘అమ్మకందారు మాట తప్పితే అడ్వాన్సుకు రెట్టింపు ఇవ్వాలి’ అన్న షరతు ఉంటుంది. పెద్దలు ఆ వాక్యం చదివి, రెట్టింపు ఇప్పించి, ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. కొన్నవాళ్లు అదే చట్టమని నమ్మి సంతకం పెట్టేస్తున్నారు. సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్‌గా ఇది చూస్తుంటే బాధేస్తుంది. చట్టం చెప్పేది అది కాదు.

లెక్క వేసి చూడండి. రెండెకరాలు, ఎకరం 40 లక్షలు, మొత్తం 80 లక్షలకు బేరం. అడ్వాన్సు 10 లక్షలు, గడువు ఆరు నెలలు. ఈలోగా పక్కన రోడ్డు పడుతుందన్న వార్తతో ఎకరం 65 లక్షలైంది. అమ్మినాయన 20 లక్షలు తిరిగిచ్చాడు. కొన్నవాళ్లకు పైన మిగిలింది 10 లక్షలు. అలాంటి పొలమే ఇప్పుడు కొనాలంటే అదనంగా 50 లక్షలు కావాలి. అదీ తమ పొలం గట్టును ఆనుకుని, అదే కాలువ కింద దొరుకుతుందా? మాట తప్పినాయనకు మాత్రం రెట్టింపు ఇచ్చినా 40 లక్షలు లాభం.

ఈ నష్టం డబ్బుతో పూడదు కాబట్టే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ అనే మార్గం పెట్టింది. అంటే పరిహారంతో సరిపెట్టకుండా, ఒప్పుకున్న పనినే చేయించడం. ఇలా చేయించాలా వద్దా అన్నది ఒకప్పుడు చాలావరకు జడ్జిగారి విచక్షణ మీద ఉండేది. 2018 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ విచక్షణను బాగా తగ్గించింది. ఇక రెట్టింపు షరతు గురించి ఇదే చట్టంలో 23వ సెక్షన్ సూటిగా చెబుతోంది. మాట తప్పితే ఇంత ఇవ్వాలని రాసుకున్నంత మాత్రాన, ఒప్పందం అమలు కోరే హక్కు పోదు. ఆ సొమ్ము చెల్లించి తప్పుకునే వీలు అమ్మకందారుకు ఇవ్వడానికే ఆ షరతు పెట్టారని తేలితే తప్ప. సాధారణంగా మన అగ్రిమెంట్లలో ఆ షరతు మాట నిలబెట్టుకోవాలని భయం చెప్పడానికి రాసేదే, అమ్మకుండా తప్పుకోవడానికి ధర కట్టేది కాదు. అందుకే ఆ రెట్టింపు సొమ్ము చెక్కు తీసుకుని బ్యాంకులో వేసే ముందు ఒకసారి లాయర్‌ను అడగండి. వేసేశాక ‘ఒప్పందం రద్దుకు మీరే ఒప్పుకున్నారు’ అన్న వాదన మొదట వస్తుంది.

అయితే కొన్నవాళ్లకు కోర్టు ఊరికే మేలు చేయదు. డబ్బు సిద్ధంగా ఉందని, కొనే ఉద్దేశం మొదటి నుంచీ ఉందని వాళ్లే రుజువు చేయాలి. చాలా కేసులు ఓడిపోయేది ఇక్కడే. మిగతా 70 లక్షలు మూటగట్టి కోర్టులో పెట్టనక్కర్లేదు, కోర్టు కట్టమంటే తప్ప. కానీ ఎక్కడి నుంచి తెస్తారో కాగితం మీద కనబడాలి: బ్యాంకు స్టేట్‌మెంట్, డిపాజిట్లు, మంజూరైన లోన్ పత్రం. గడువు దాటకముందే ‘ఫలానా తేదీన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డబ్బుతో ఉంటాను, వచ్చి రిజిస్టర్ చేయండి’ అని స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చినవాళ్ల కేసు మొదటి రోజే సగం గట్టిపడుతుంది. కాస్త అడ్వాన్సు ఇచ్చి, ఏళ్ల తరబడి మాట్లాడకుండా కూర్చుని, ధర పెరిగాక నిద్రలేచేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లను ఉద్దేశించే 2011లో సుప్రీంకోర్టు, ధరలు ఇంత వేగంగా పెరుగుతున్న రోజుల్లో గడువులను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదని అంది. అది న్యాయమే. దావాకు కాలపరిమితి మూడేళ్లు. అగ్రిమెంట్‌లో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అవతలివాళ్లు కాదన్నారని తెలిసినప్పటి నుంచి. మూడేళ్లు ఉన్నాయి కదా అని చివరి నెల దాకా ఆగితే, అంతకాలం ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

దావా వేసినంత మాత్రాన పొలం ఆగదు. కేసు నడిచే ఏళ్లలో అది మూడో మనిషి పేరు మీదికి పోవచ్చు. ఇక్కడే ఇంజంక్షన్, అంటే కోర్టు నిలుపుదల ఉత్తర్వు, కావాలి. దావాతో పాటే ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేసి, తీర్పు వచ్చేదాకా ఆస్తిని ఎవరికీ అమ్మకుండా, తనఖా పెట్టకుండా ఆపమని కోరాలి. కోర్టు మూడు చూస్తుంది: పైపైన చూస్తే కేసులో బలముందా, ఆర్డర్ ఇవ్వకపోతే డబ్బుతో తీరని నష్టం జరుగుతుందా, ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది. అగ్రిమెంట్, నోటీసు, బ్యాంకు కాగితాలు ఉంటే మొదటిది నిలుస్తుంది. ఇంజంక్షన్ లేకపోయినా కేసు నడుస్తుండగా ఆ పొలం కొన్న మూడో మనిషి తీర్పుకు లోబడాల్సిందే. కానీ దావాకు ముందే, అగ్రిమెంట్ సంగతి తెలియకుండా, పూర్తి ధర ఇచ్చి నిజాయితీగా కొన్నవాళ్ల మీద మనకు వచ్చిన డిక్రీ, అంటే తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు, పనిచేయదు. అందుకే అగ్రిమెంట్‌ను కూడా రిజిస్టర్ చేయించమని ప్రతి క్లయింటుకూ చెబుతాను. రిజిస్టర్ అయితే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీలో కనబడుతుంది, ‘మాకు తెలియదు’ అన్న మాట చెల్లదు. చేయించకపోయినా స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. స్టాంపు డ్యూటీ సరిగా లేకపోతే మాత్రం పెనాల్టీ కట్టించుకునే తీసుకుంటారు.

అమ్మేవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అవతలివాళ్లకు నోటీసు లేకుండా తెచ్చుకున్న ఇంజంక్షన్‌తో పొలం ఏళ్ల తరబడి ఇరుక్కుపోవడం నేను చూశాను. కూతురి పెళ్లికి అమ్ముకుందామనుకున్న మనిషి వాయిదాలకు తిరగడమే సరిపోతుంది. అలాంటి ఆర్డర్ ఇచ్చాక 30 రోజుల్లోగా ఐఏ తేల్చేందుకు కోర్టు ప్రయత్నించాలని, తేల్చలేకపోతే కారణం రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. ఆ నియమం కాగితం మీదే ఉండిపోతోంది. హైకోర్టులు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి.

ఖర్చు కూడా తెలిసి దిగాలి. కోర్టు ఫీజు అడ్వాన్సు మీద కాదు, మొత్తం 80 లక్షల మీద కట్టాలి. దావాలోనే ‘ఒకవేళ అమలు కుదరకపోతే అడ్వాన్సు వాపసు ఇప్పించండి’ అని విడిగా అడగాలి. అడగనిది కోర్టు ఇవ్వదు. గెలిచాక డిక్రీలో చెప్పిన గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే, అమ్మినాయన ఒప్పందమే రద్దు చేయమని కోరవచ్చు. కట్టాక కూడా ఆయన రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, డిక్రీ అమలు కోరుతూ వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్ మీద కోర్టే ఆయన బదులు సేల్ డీడ్ రాయించి సంతకం చేస్తుంది.

ఇక నా విన్నపం. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలు ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద తెలుగులో ఒక పేజీ నోటీసు అంటించాలి: రెట్టింపు షరతు ఉన్నా ఒప్పందం అమలు కోరవచ్చని, దావా వేయడానికి గడువు మూడేళ్లని, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకోవాలని. దస్తావేజు లేఖరులు కూడా ఆ పాత షరతు పక్కనే ‘ఇది ఒప్పందం అమలు కోరే హక్కుకు అడ్డు కాదు’ అని ఒక్క వాక్యం కలిపితే, పంచాయితీలో కాగితం చదివే పెద్దలకు అది కూడా కనబడుతుంది.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది, తెనాలి