బొడ్డు దగ్గర నొప్పి అంటే బొడ్డు కింద ఉండేదే చెడిపోయిందని కాదు పాపా

పాపా,

రాత్రి నువ్వు ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పినావు కదా, కేస్ షీట్‌లో "బొడ్డు చుట్టూ నొప్పి, కాబట్టి చిన్నపేగు" అని రాస్తే మీ మేడం ఎర్ర పెన్నుతో కొట్టేసిందని, పొట్టను తొమ్మిది గడులుగా చేసిన బొమ్మ చూసే రాసినా కదమ్మా తప్పు ఎట్లయితాది అని. నేను అప్పుడు పొయ్యి మీద సంగటి పెట్టుకోని ఉన్నా, సరిగ్గా చెప్పలేకపోయినా. ఇప్పుడు కూర్చోని రాస్తాండా, మెల్లగా చదువుకో. సర్జికల్ వార్డులో ఇన్నేండ్లు చేసినాక నాకు బాగా తెలిసింది ఏదన్నా ఉందంటే ఇదొక్కటే.

ముందు గడులు. నీ రూమ్మేట్‌ను పడుకోబెట్టి నిజంగానే గీసుకో, పుస్తకం బొమ్మలో చూస్తే తలకెక్కదు. కాలర్ బోన్ మధ్యలోంచి కిందికి ఒక గీత, రెండోపక్క కూడా అట్లే, ఇవి రెండు నిలువు గీతలు. అడ్డం గీతల్లో పైది పక్కటెముకల అడుగు అంచుల్ని కలుపుతాది. కిందది నడుము ఎముక మీద కలుపుతాది, అయితే ముందుకు పొడుచుకొచ్చే మొన దగ్గర కాదు, దాని నుంచి ఇంకా రెండు అంగుళాలు వెనక్కి పోతే చేతికి తగిలే బుడిపె ఉంటాది చూడు, ఆడ. నాలుగు గీతలు, తొమ్మిది గడులు. కుడి ఎడమ అంటే పేషెంటువి, నీవి కాదు, మొదటి నెలలో నేనే రెండుసార్లు తిప్పి రాసినా, ఎవురికీ చెప్పొద్దు.

పై వరసలో కుడిపక్క లివరూ గాల్ బ్లాడరూ, మధ్యలో కడుపు, దాని వెనక పాంక్రియాస్, ఎడమపక్క స్ప్లీనూ కడుపులో కొంత భాగమూ. నడిమి వరసలో రెండు డొక్కల్లో కిడ్నీలు, పెద్దపేగు నిలువు భాగాలు, మధ్యలో బొడ్డు, చిన్నపేగు. కింది వరసలో కుడిపక్క అపెండిక్స్, మధ్యలో పొత్తికడుపు, అంటే బ్లాడరూ ఆడోళ్లకు గర్భసంచీ, ఎడమపక్క పెద్దపేగు చివరి మలుపు. ఆడోళ్లకు కింది వరసలో రెండుపక్కలా ఓవరీలు కూడా ఉంటాయి, అది మర్చిపోవద్దు. నువ్వు ఇంతవరకు కరెక్టే చదివినావు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఈ గడులు ఏ అవయవం ఎక్కడ ఉందో చెప్తాయి, నొప్పి ఎక్కడ తెలుస్తాదో అన్నిసార్లూ చెప్పవు. ఆ రెండూ ఒకటి కాదు. పేగులు, అపెండిక్స్ లాంటివాటి నరాలు ఎట్లాంటివంటే, కోస్తే పెద్దగా తెలీదు గానీ ఉబ్బితే, సాగితే మాత్రం నొప్పి పుడతాది. ఆ నొప్పి కూడా "ఇదిగో ఈడ" అని వేలు పెట్టి చూపించేట్లు ఉండదు. మన వీధిలో కరెంటు పోతే సబ్‌స్టేషనోడికి ఏ ఫీడరు పోయిందో తెలుస్తాది గానీ ఎవురింట్లో వైరు కాలిందో తెలీదు కదా, అట్లాంటిది. అపెండిక్స్ నరాలు వెన్నుపాములో చేరే చోటు ఏదంటే పదో థొరాసిక్ లెవల్, అంటే ఛాతీ భాగం వెన్నుపాములో పదో మెట్టు. బొడ్డు చుట్టూ చర్మం నరాలు చేరేది కూడా ఆడికే. మెదడుకు కబురు పోయేటప్పటికి బొడ్డు దగ్గర నొప్పి అనే పోతాది. అందుకే కుడిపక్క కింద ఉండే చిటికెన వేలంత అపెండిక్స్ వాచినా మొదట నొచ్చేది బొడ్డు చుట్టూ. మొత్తం మీద కడుపు, గాల్ బ్లాడరు, పాంక్రియాస్ నొప్పి మొదట బొడ్డు పైన మధ్య గడిలో, చిన్నపేగూ అపెండిక్స్ నొప్పి బొడ్డు దగ్గర, పెద్దపేగు చివరి భాగం నొప్పి పొత్తికడుపులో. మూడూ మధ్య గడులే, చూసినావా.

మరి కుడిపక్కకు ఎప్పుడు వస్తాదంటే, వాచిన అపెండిక్స్ పెరుగుతా పెరుగుతా పోయి పొట్ట గోడకు లోపలిపక్క ఉండే పొరను, అదే పెరిటోనియంను, తాకినప్పుడు. ఆ పొర నరాలు చర్మం నరాల మాదిరే, ఖచ్చితంగా చెప్తాయి. అప్పుడు పేషెంటు చేయి మొత్తం పొట్ట మీద తిప్పడం మానేసి ఒక్క వేలితో చూపిస్తాడు. 1889లో మెక్‌బర్నీ అనే న్యూయార్క్ సర్జన్ చెప్పిన పాయింటు అదే, నడుము ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీసి మూడు భాగాలు చేస్తే మొన నుంచి మొదటి భాగం అయిపోయే చోటు.

పోయిన ఉగాదికి మన ఎదురింటి అక్క కొడుక్కి జరిగింది నీకు సగమే తెలుసు, మొత్తం చెప్తా విను. పదిహేడేండ్ల పిల్లోడు. పండగనాడు రాత్రి ఎనిమిదికి బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. బొబ్బట్లు ముందర పెట్టినా వద్దన్నాడు, ఆ పిల్లోడు బొబ్బట్లు వద్దన్నాడంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. పదకొండుకు రెండుసార్లు కక్కినాడు. వాళ్ల జేజి "బొడ్డు జరిగిందిలే" అని నూనె రాసి రుద్దింది, తెల్లారి ఆముదం తాగిస్తామని గిన్నె కూడా తీసి పెట్టింది. నడుమ ఎవురో నొప్పికి సూది వేసినారంట, రెండు గంటలు పండుకున్నాడు, అందరూ తగ్గిందనుకున్నారు.

పొద్దున ఆరుకు నన్ను పిలిచినారు. గడప దగ్గరే చూసినా, కుడి తొడ కొంచెం మడుచుకోని వంగి నడుస్తాండాడు. నొప్పి ఎక్కడ్రా అంటే రాత్రి బొడ్డు కాడ అత్తా, ఇప్పుడు ఈడ అని వేలు పెట్టినాడు, సరిగ్గా ఆ పాయింటు మీదే. నేను అడిగిన మొదటి ప్రశ్న, ముందు నొప్పి వచ్చిందా ముందు వాంతి వచ్చిందా అని. నొప్పే ముందు అన్నాడు. ఇది నువ్వు తప్పకుండా అడగాల. తిన్నది పడక వచ్చే కడుపునొప్పిలో ఎక్కువగా వాంతులో విరేచనాలో ముందు మొదలవుతాయి, అపెండిక్స్‌లో మామూలుగా నొప్పి ముందొచ్చి వాంతి తర్వాత వస్తాది. జ్వరం చూస్తే 100.6. దగ్గురా అన్నా, దగ్గి ఆడ పట్టుకున్నాడు. నేను గట్టిగా నొక్కను కూడా లేదు.

నొక్కేదానికి ఒక పద్ధతి ఉంది. చేతులు రుద్దుకోని వెచ్చగా చేసుకో, పేషెంటు మోకాళ్లు మడిపించు, నొప్పి లేని గడి నుంచి మొదలుపెట్టి నొప్పి ఉండే గడికి ఆఖర్న రా. నీ కండ్లు పొట్ట మీద కాదు, మొఖం మీద ఉండాల. ఎడమపక్క కింద నొక్కినప్పుడు ఆ పిల్లోడు కుడిపక్క "అబ్బా" అన్నాడు. అది కూడా అపెండిక్స్ వైపే చూపించే గుర్తు.

ఆముదం గిన్నె నేనే తీసి పక్కన పెట్టినా, జేజికి కోపమొచ్చింది, నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. వాచిన అపెండిక్స్ ఉన్నోళ్లకు విరేచనాల మందు పోస్తే పేగు గట్టిగా పిండుకోని అది పగిలే ప్రమాదం పెరుగుతాది, అందుకే. నీళ్లు కూడా తాగించొద్దన్నా, ఆపరేషన్ పడితే కడుపు ఖాళీగా ఉండాల కదా. మీ నాయన ఆటో మాట్లాడినాడు, టౌన్‌కు పోయేదాంక స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆ పిల్లోడు సీటు పట్టుకోని పైకి లేస్తాండాడు, ఆ పొర కదిలితే అంత నొప్పి. రక్తంలో తెల్లకణాలు పెరిగినాయి, స్కానింగ్‌లో అపెండిక్స్ లావైంది, ప్రోబ్‌తో నొక్కినా అణగలేదు. 6 మిల్లీమీటర్లు దాటితే లావైనట్టు లెక్క, వాడిది 9 ఉండె. సాయంత్రం ఆపరేషన్ చేసి తీసేసినారు, పగల్లేదు. ఇంకో రోజు ఇంట్లోనే ఉండింటే ఏమయ్యేదో.

ఇంకోటి, నొప్పి ఉన్నట్టుండి తగ్గిందని పేషెంటు నవ్వితే నువ్వు నవ్వొద్దు. పగిలినప్పుడు లోపల ఒత్తిడి పోయి కాసేపు హాయిగా ఉంటాది, తర్వాత పొట్ట మొత్తం చెక్క మాదిరి గట్టిపడి జ్వరం పెరుగుతాది. నాడి చూడు, బీపీ చూడు, వెంటనే డాక్టరును పిలువు.

అందరికీ ఇట్ల పుస్తకంలో మాదిరే రాదు. అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కోని ఉంటే ముందు నొక్కినా పెద్దగా నొప్పి తెలీదు, డొక్కలోనో నడుములోనో నొస్తాది, కిడ్నీ రాయి అనుకుంటారు. కిడ్నీ రాయి నొప్పి అయితే డొక్కలో మొదలై గజ్జలోకి జారుతా అలలు అలలుగా వస్తాది, మనిషి ఒక్కచోట ఉండలేడు, పొర్లాడుతాడు. పొర వాచినోడు కదలకుండా పడుకుంటాడు. మన ఎండలకు ఈ రాళ్ల కేసులు నీకు చానా తగుల్తాయి, రెండిటి తేడా కండ్లతోనే పట్టొచ్చు. అపెండిక్స్ కిందికి దిగి ఉంటే మూత్రం మాటిమాటికీ పోవాల్సొస్తాది, విరేచనాలు కూడా అవుతాయి, అప్పుడు ఫుడ్ పాయిజన్ అనుకోని ఇంటికి పంపేస్తారు. గర్భిణీలకు గర్భసంచి పెరిగి అపెండిక్స్‌ను పైకి నెట్టొచ్చు, అప్పుడు నొప్పి పై గడుల్లో ఉన్నా ఆశ్చర్యపోవద్దు.

కుడిపక్క కింద నొప్పి అని వచ్చిన ఆడపిల్లను నెలసరి ఎప్పుడు వచ్చిందో అడగకుండా వదలొద్దు, పెండ్లయిందా కాలేదా అని చూడొద్దు, గర్భం టెస్టు ముందు. ట్యూబులో గర్భం నిలిచి పగిలితే ఆ నొప్పీ ఈ గడిలోనే. మగపిల్లోళ్లు సిగ్గుతో పొట్ట కింద నొప్పి అంటారు గానీ అసలు వృషణం మెలిక పడి ఉండొచ్చు, ఆరు గంటలు దాటితే దాన్ని దక్కించుకోవడం కష్టం, అందుకే ప్యాంటు తీసి చూడమని డాక్టరుకు గుర్తు చెయ్యి. బొడ్డు పైన మధ్య గడిలో మంట అని యాభై దాటినోళ్లు వస్తే గ్యాస్ మాత్ర ఇచ్చే ముందు ఈసీజీ తీయించు, గుండెపోటు నొప్పి ఆ గడిలో కూడా తెలుస్తాది.

ఇప్పుడు నీ పేషెంటు సంగతి. బొడ్డు చుట్టూ నొప్పి అని నువ్వు రాసింది తప్పు కాదు, "కాబట్టి చిన్నపేగు" అని ముడి వేసింది తప్పు. ఏ గంటకు ఏ గడిలో నొప్పి ఉందో టైముతో సహా రాయి, ఆరు గంటల తర్వాత మళ్లీ అడిగి రాయి, నొప్పి కదిలిందా లేదా అనేదే మీ మేడంకు కావల్సింది. రేపు డ్యూటీకి పోయినాక ఆ అమ్మను ఇప్పుడు ఎక్కడ నొస్తాందో ఒక్క వేలితో చూపించమని అడుగు, ఏం చూపించిందో నాకు ఫోన్ చెయ్యి.

చెనిక్కాయల పొడీ, గోంగూర పచ్చడీ శనివారం కర్నూలు బస్సులో పంపిస్తాండా, కండక్టరు తెలిసినోడే, బస్టాండుకు నువ్వే పో.

మీ అమ్మ,
అనంతపురం